కువైట్ నుంచి వచ్చిన కొత్త సంతకం

పులివెందుల బస్టాండు పక్క హోటళ్ళలో ఈ కథ ఇప్పటికీ రెండు రకాలుగా చెబుతారు. ఒక రకంలో, బ్యాంకు గుమాస్తా ఒకడు మేస్త్రీ పెండ్లాంతో చేతులు కలిపి, కువైట్ నుంచి దొంగ ఉత్తరం పుట్టించి, పెద్దమనిషి చేతిలోని పాసుపుస్తకాన్ని చెల్లకుండా చేశాడు. ఇంకో రకంలో, ఆ పెద్దమనిషే తమ్ముడి సొమ్ము మింగాడు. నేను రిటైరైన తర్వాత ఒకసారి కాఫీ తాగుతూ ఉంటే, పక్క బల్లమీద కూర్చున్న ఒక కుర్రవాడు మొదటి రకం కథను మహా ఉత్సాహంగా చెప్పాడు. ఆ గుమాస్తా నేనేనని అతనికి తెలియదు. ఆ గుమాస్తాకు ఎంత ముట్టిందో కూడా చెప్పాడు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టాలని. పేర్లు మాత్రం రాయను. అందులో ఉన్నవాళ్ళ పిల్లలు ఇవే ఊళ్ళలో తిరుగుతున్నారు.

నాది ప్రొద్దుటూరు. చదువు పదకొండో తరగతితో ఆగిపోయింది. ఆంధ్రరాష్ట్రం వచ్చిన రోజుల్లో మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రం తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. నవలలు అయిపోతే చరిత్ర, చరిత్ర అయిపోతే న్యాయశాస్త్రం, అదీ అయిపోతే హోమియోపతి, ఏది దొరికితే అది. ఇంగ్లీషు నాకు బడిలో కంటే ఆ బల్లల దగ్గరే ఎక్కువ వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యం విప్పుకునేవాణ్ణి. కాలేజీ చదివినవాళ్ళతో వాదానికి దిగి గెలిచిన సందర్భాలు ఉన్నాయి. అవి చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు సిగ్గు లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత పరీక్ష రాసి బ్యాంకులో గుమాస్తా పని సంపాదించాను. కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా చేసి పులివెందుల బ్రాంచికి వచ్చేసరికి, విదేశీ మారకద్రవ్యం చట్టాన్ని కొత్తగా బిగించారు. మావైపు మనుషులు కూడా అప్పుడే ఒక్కరొక్కరుగా కువైట్ దారి పట్టడం మొదలుపెట్టారు.

మేస్త్రీ ఊరు తొండూరు దగ్గర. రాతిపని, ఇటుకపని రెండూ తెలిసినవాడు. తన భాగానికి వచ్చిన చేను అమ్మిన రోజున అన్నతో కలిసి వచ్చి మా బ్రాంచిలో పొదుపు ఖాతా తెరిచాడు. సంతకం తెలుగులో, ఒక్కొక్క అక్షరం రాయి చెక్కినట్టు, నిదానంగా పెట్టాడు. ఆ నమూనా కార్డు నేనే పెట్టెలో దాచాను. తర్వాత కొన్నాళ్ళకు మనిషి కనిపించడం మానేశాడు. బొంబాయిలో మేడలు కడుతున్నాడని అన్న చెప్పాడు.

అప్పట్లో ‘బొంబాయి’ అంటే మాకు అనుమానం రావలసిందే. కువైట్ పోయేవాళ్ళు ఆ మాట బయటికి చెప్పేవాళ్ళు కారు. బొంబాయిలో ఏజెంటు దగ్గర నెలల తరబడి పడిగాపులు పడాలి. వీసా రాకపోతే తల దించుకుని తిరిగి రావాలి. అందుకని అందరూ బొంబాయి అనే చెప్పేవాళ్ళు. విమానం ఎక్కి, అక్కడ పనిలో చేరి, మొదటి ఉత్తరం ఇల్లు చేరిన తర్వాతే కువైట్ అన్న మాట నోటికి వచ్చేది. అయినా ఖాతాదారు బొంబాయిలో ఉన్నాడంటే బ్యాంకుకు పేచీ లేదు. దేశం దాటి ఉద్యోగానికి పోయాడంటేనే పేచీ. అప్పుడు మామూలు పొదుపు ఖాతాను ప్రవాస ఖాతాగా మార్చాలి. మార్చకుండా నడిపితే తప్పు ఖాతాదారుదీ, తెలిసి నడిపిస్తే బ్యాంకుదీ.

అన్న మా బ్రాంచికి బాగా తెలిసిన మనిషి. బాయి కింద చీనీ (బత్తాయి) తోట, ఊళ్ళో మాట చెల్లుబాటు. మేనేజరు డిపాజిట్ల కోసం ఎండలో తిరిగిన రోజుల్లో తన బండిమీద ఊరూరా తిప్పినవాడు ఆయనే. ఆయన కొన్ని వారాలకొకసారి తమ్ముడి పాసుపుస్తకమూ, సంతకం పెట్టిన విత్‌డ్రాయల్ ఫారమూ తెచ్చేవాడు. ఆ ఫారం చెక్కు లాంటిది కాదు. రూలు ప్రకారం ఖాతాదారే పుస్తకంతో స్వయంగా రావాలి. కానీ తెలిసిన మనిషి కనుక, ఫారం వెనక ఆయన సంతకం తీసుకుని మేనేజరు పాస్ చేసేవాడు. చిన్న బ్రాంచీల్లో ఇది మామూలే.

ఒకసారి ఫారం నా చేతికి వచ్చినప్పుడు చూశాను. సంతకం నల్లసిరా; తేదీ, సొమ్ము అంకె నీలంసిరా.

“మామా, తమ్ముడు ఈ తేదీ వేసినాడా?” అన్నాను.

“వాడు సంతకం ఏసి పంపించినాడప్పా. తేదీ మన పంతులుతో ఏపించినా. ఏం, తేదీ గూడా వాడే ఏయాల్నా? బొంబాయి నుంచి తేదీ ఏసుకోనీకి రైలెక్కి రావాల్నా?”

కౌంటరు ముందున్న జనం నవ్వారు. నేనూ నవ్వాను. నమూనాతో పోల్చాను. అక్షరం అక్షరం సరిపోయింది. పంపించేశాను. కానీ ఆ రెండు సిరాలు మనసులో ఉండిపోయాయి.

ఇలా ఉండగా, ఒక రోజు టపాలో కువైట్ స్టాంపులున్న రిజిస్టరు కవరు వచ్చింది. మేనేజరు కోస్తావాడు, జాగ్రత్త మనిషి. కవరు చుట్టూ తిప్పి చూసి, అంటుకున్న చోట గోటితో గీకి, ఆ తర్వాత చించాడు. లోపల ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. చదివి నా వైపు తోశాడు.

దాన్ని ఎన్నోసార్లు చదివాను కనుక ఇంచుమించు ఇలా తెలుగు చేయగలను:

“అయ్యా, మీ బ్రాంచిలో నా పేర పొదుపు ఖాతా ఉన్నది. నేను ఉద్యోగం నిమిత్తం కువైట్‌లో ఉంటున్నాను. కావున నా ఖాతాను సాధారణ ప్రవాస ఖాతాగా మార్చవలసినదిగా కోరుతున్నాను. ఈ క్రింది పత్రాలను ఒక్కొక్కటిగా సరిచూసి జతపరచినాను. ఒకటి, నా పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పుటకూ, వీసా, ప్రవేశముద్ర ఉన్న పుటలకూ ఫోటో నకళ్ళు. రెండు, నన్ను పనిలో పెట్టుకున్న కంపెనీ ఇచ్చిన ధ్రువపత్రం. మూడు, ప్రవాస ఖాతా దరఖాస్తు. నాలుగు, ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికారి ఎదుట పెట్టిన నా నమూనా సంతకాలు, వారి ముద్రతో. అయిదు, జమ్మలమడుగులో ఉంటున్న నా భార్య స్థానిక ఖర్చులకు ఈ ఖాతా నడపడానికి అధికారపత్రం. ఆరు, పాసుపుస్తకం: ఇది నా వద్ద లేదు, ఇండియాలో ఉన్నది, పంపలేదు. ఇకమీదట పై నమూనా సంతకమే నాది. మీ వద్ద ఉన్న పాత నమూనా రద్దు చేయవలెను.”

మొదటి అయిదింటి పక్కనా పెన్నుతో టిక్కు. ఆరోదాని పక్కన అడ్డగీత.

కింద సంతకం ఇంగ్లీషులో ఉంది. ఒక్క గీతలో చుట్టుకుపోయి, చివర్లో వంకీ తిరిగిన సంతకం. మా పెట్టెలో ఉన్న తెలుగు సంతకానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

“ఏమంటారు?” అన్నాడు మేనేజరు.

“ఇది అతను రాసింది కాదు సార్. ఇంత ఇంగ్లీషు అతనికి రాదు.”

“ఇంత ఇంగ్లీషు మీకూ రాదు, నాకూ రాదు. ఎవరిచేతో రాయించి ఉంటాడు. అది సరే, సంతకం?”

చేతిరాతల పరీక్ష గురించి గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకం చదివి ఉన్నాను. అందులోని విషయం అక్కరకు వచ్చిందని సంతోషపడుతూ చెప్పాను. “దొంగసంతకం పెట్టేవాడు అసలు దానిలాగే పెడతాడు సార్. పాతది చూసి దిద్దుతాడు. బొత్తిగా పోలికే లేనిది ఎందుకు పెడతాడు?”

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “పాతదాన్ని దిద్దడం చేతకానివాడైతే? ‘నా సంతకం మారింది, పాతది కొట్టేయండి’ అని రాస్తే సరిపోతుందిగా. అంతకంటే సుళువైన దొంగతనం ఉందా?”

ఆ సంగతి ఆ పుస్తకంలో లేదు.

“మరి రాయబార కార్యాలయం ముద్ర?”

“ముద్రలు ప్రొద్దుటూరు బజారులోనే చెక్కిస్తారయ్యా. మీ ఊరేగా, మీకు తెలియదా?”

మా ఊరిని అన్నందుకు కోపం వచ్చింది గానీ ఆ మాట అబద్ధం కాదు. ఇద్దరం ఆ కాగితాల మీద వంగి కూర్చున్నాం. ప్రవేశముద్రలో అరబ్బీ అక్షరాలు, పక్కన తేదీ. ఆ తేదీ చూసేసరికి నాకు రెండు సిరాలూ గుర్తొచ్చాయి. ఖాతా కార్డు తెచ్చి చూశాం. అతను కువైట్‌లో దిగిన తర్వాత కూడా, ఆ తర్వాతి తేదీలతో ఇక్కడ సంతకాలు పెట్టి ఫారాలు వచ్చాయి. అంటే ఈ పాస్‌పోర్టు నకలు నిజమైతే ఆ ఫారాలు వట్టివి. ఆ ఫారాలు నిజమైతే ఈ నకలు వట్టిది. రెండూ నిజం కావడం ఎట్లాగో అప్పటికి మా ఇద్దరికీ తోచలేదు.

మేనేజరు ముఖం వాడిపోయింది. ఫారాలు పాస్ చేసింది ఆయనే.

“ఈ ఉత్తరం సంగతి మీకు ముందే తెలుసా?” అని అడిగాడు నన్ను, హఠాత్తుగా.

“నాకెట్లా తెలుస్తుంది సార్?”

“ఏమో. మీరు ఆ రోజు తేదీ గురించి అడిగారట. జనం చెప్పారు.”

కాగితాలు చేరి ఒక్క పూట కాలేదు, ఉత్తరం రాసినవాణ్ణి నేనూ, నన్ను మేనేజరూ అనుమానించడం మొదలైంది. అయినా పని పద్ధతిగానే చేశాం. విదేశీ వ్యవహారాలు చూసే అధికారం మా బ్రాంచికి లేదు. కనుక కాగితాలన్నీ కడపలోని పెద్ద బ్రాంచికి పంపి, రాయబార కార్యాలయం ముద్రను వాళ్ళ ద్వారా నిర్ధారించమని కోరాం. కువైట్ చిరునామాకు రిజిస్టరు ఉత్తరం రాశాం. జమ్మలమడుగు చిరునామాకు, భార్యను గుర్తింపుతో రమ్మని ఒకటి రాశాం. ఖాతా కార్డుకు, మేనేజరును అడగకుండా చెల్లింపు చేయరాదని చీటీ గుచ్చాం.

అన్న మరుసటి వారమే వచ్చాడు. ఈసారి ఫారంలో రాసిన మొత్తం ఖాతాలో మిగిలినదంతా, కనీస నిలువ తప్ప.

మేనేజరు ఆయన్ను గదిలోకి పిలిచాడు. ఫారం నా చేతిలో ఉంది. సంతకం నల్లసిరా, తేదీ నీలంసిరా. సంతకం మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా పాతదే.

“తమ్ముడు ఈ సంతకం ఎప్పుడు చేశాడండీ?” అన్నాడు మేనేజరు, వీలైనంత మర్యాదగా.

“నిన్న ఆదివారం వచ్చినాడు సారూ. ఒక్క పూట ఉండి పోయినాడు. ఏం?”

“ఏమీ లేదు. మొత్తం ఎక్కువగా ఉంది కదా. ఒకసారి అతన్నే చూస్తే...”

“వాడు రైల్లో కూచోని పోతాండాడు. గుంతకల్లు గూడా దాటింటాడు ఈపాటికి. దిగి రమ్మంటారా?” అని నా వైపు తిరిగాడు. “ఏమప్పా, నువ్వేనా సారుకు ఏదో నూరిపోస్తాండేది? ప్రొద్దుటూరోనివి కదా. మీ ఊరి అంగట్లో బంగారు గీకి చూసినట్ల మనుషుల్ని గూడా గీకి చూస్తాండావే!”

“గీకకుండా ఎట్లా తెలుస్తుంది మామా,” అన్నాను.

“శానా తెలివి ఉందిలే. ఆ తెలివికి బ్యాంకులో ఏం పని, పోలీసులో చేరరాదా?”

మేనేజరు మధ్యలోకి వచ్చాడు. “పాసుపుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళండి. ఎంట్రీలు సరిచేసి ఇస్తాం.”

అన్న లేవబోయినవాడు ఆగాడు. పుస్తకాన్ని చేతిలో రెండుసార్లు తట్టుకుని తువ్వాల్లో చుట్టుకున్నాడు. “ఎంట్రీలు నాకొద్దు సారూ. ఎంతుందో నాకు తెలుసు. మీ బ్రాంచి కోసరం నా బండి టైర్లు అరిగినాయి. ఈ పొద్దు నన్నే దొంగను చూసినట్ల చూస్తాండారు.” అని వెళ్ళిపోయాడు. మేము దుడ్లు ఇవ్వలేదు గానీ, ఆయన కళ్ళలో నాకు కనిపించింది భయం కాదు, నిజమైన బాధ. అది చూసి నాకు మళ్ళీ ఉత్తరం మీదే అనుమానం వచ్చింది.

రెండు రోజులకు మేస్త్రీ భార్య వచ్చింది. వచ్చేటప్పటికి మధ్యాహ్నమైంది. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చింది. ముప్పై దాటని మనిషి. గదిలోకి రమ్మంటే రాలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

“నన్నెందుకు పిలిచినారు సారూ? దుడ్లు లేవని చెప్పనీకా?”

“కూర్చోమ్మా. నీ భర్త ఎక్కడున్నాడు?” అన్నాడు మేనేజరు.

“ఉత్తరం మీకే రాసినాడు గదా. యాడున్నాడో దాంట్లో లేదా?”

“ఆ ఉత్తరం అతనే రాశాడని నమ్మకమేంటి?”

ఆమె మేనేజరునూ, నన్నూ ఎగాదిగా చూసింది. “మా బావ మీకేం చెప్పినాడు?”

ఆమె మెల్లగా వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. జమ్మలమడుగులో నేతగాళ్ళ వీధిలో రెండుగదుల ఇల్లు బాడుగకు ఉంటున్నామనీ, దాన్నే కొనడానికి మొగుడు పోయేముందు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాడనీ చెప్పింది. గడువు దగ్గర పడింది. గడువులోగా మిగతా సొమ్ము ఇవ్వకపోతే బయానా పోతుంది, ఇల్లూ పోతుంది. బిడ్డల్ని తీసుకుని తొండూరుకు, బావ ఇంటికి పోవాలి.

“ఆడికి పోతే నేను కూలికి పోయే మనిషినే సారూ, ఇంటి మనిషిని కాదు,” అంది.

నేను పాత సంతకం కార్డూ, కొత్త సంతకమున్న కాగితమూ ఆమె ముందు పెట్టాను. “ఈ రెండిట్లో మీ ఆయనది ఏది?”

“రెండూ.”

“రెండు ఎట్లా అవుతాయమ్మా?”

ఆమె సంచిలోంచి గుడ్డముడి తీసి విప్పింది. అందులో మా బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారాలు మడతలు పెట్టి ఉన్నాయి. విప్పి బల్లమీద పరిచింది. ప్రతి దాని మీదా నల్లసిరాతో ఆ రాతి అక్షరాల సంతకం. తేదీ లేదు, మొత్తం లేదు. ఖాళీ.

నేను ఒక్కొక్కటే నమూనాతో పోల్చాను. అన్నీ సరిపోయాయి.

“పోయేముందు కూచోని ఏసినాడు సారూ. యాడున్నా మనకు దుడ్లు అందాల గదా అని. సగం మా బావకిచ్చినాడు, సగం నాకిచ్చినాడు. పుస్తకం మాత్రం పెద్దోడని మా బావకే ఇచ్చినాడు. పుస్తకం లేకుండా నా కాగితాలు యాడ చెల్తాయి? ఎప్పుడు అడిగినా ‘ఇస్తాలే, ఇస్తాలే’ అంటాడు. నేను ఆయనకు రాసినా. ఆయన తిరిగి రాసినాడు: ‘పాత సంతకం ఉంటే మా అన్న దగ్గరుండే కాగితాలు చెల్తానే ఉంటాయి. అందుకే ఈడ కొత్త సంతకం నేర్చుకుంటాండా. బ్యాంకోళ్ళు ఖాతా మార్చేటప్పుడు సంతకం గూడా మారుస్తారంట.’ అట్ల రాసినాడు.”

“అన్నకు నేరుగా రాయొచ్చు కదా, ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పొచ్చు కదా?” అన్నాడు మేనేజరు.

“రాస్తే అన్నదమ్ములు ఇడిపోతారు సారూ. ఊర్లో అందురూ నన్నే అంటారు, వచ్చినామె ఇడగొట్టింది అని. బ్యాంకు రూలు అంటే ఎవురిమీదా పడదు గదా.”

నా చేతిలో ఫారం అలాగే ఉండిపోయింది. రెండూ నిజం కావడం ఎట్లాగో అప్పుడు తెలిసింది. నమూనాతో చక్కగా సరిపోయిన సంతకం అతనిదే, కానీ ఆ రోజు అతను చేసింది కాదు. నమూనాతో ఏ పోలికా లేని కొత్త సంతకమే ఆ మనిషి ఇప్పటి మాట. నేను చదివిన లావుపాటి పుస్తకం ఒకడి సంతకాన్ని ఇంకొకడు దొంగిలించడం గురించి చెప్పింది గానీ, మనిషి తన సంతకం నుంచే తాను తప్పించుకోవడం గురించి చెప్పలేదు.

మేనేజరు మాత్రం ఇంకా కరగలేదు. “ఈ ఫారాలు నీ దగ్గరున్నాయంటే, రేపు నువ్వే తేదీలు వేసుకుని రావచ్చు కదమ్మా. నేను ఎవర్ని నమ్మాలి?”

ఆమె ఫారాలన్నీ దగ్గరికి తీసి, ఆయన ముందుకు జరిపింది.

“చింపేయండి.”

“ఏమిటి?”

“చింపేయండి సారూ. కొత్తది వస్తే కొత్తదే చెల్లల్ల. మా బావవి చెల్లకుండా నావి చెల్తే అది న్యాయమా?”

కువైట్ నుంచి నిర్ధారణ రాకపోతే ఆమె చేతిలో ఇంక ఏమీ మిగలదు. అది ఆమెకు తెలుసు. మేనేజరుకూ తెలుసు. ఆయన వాటిని చింపలేదు. ఒక్కొక్కదాని మీదా అడ్డంగా గీతలు గీసి ‘రద్దు’ అని రాసి, నాచేత సాక్షి సంతకం పెట్టించి, ఆమెకు రసీదు ఇచ్చాడు. ఆ గీతలు గీస్తున్నంతసేపూ ఆయన ముఖం మారుతూ వచ్చింది. చివరికి “ఈమె అబద్ధం చెప్పడం లేదయ్యా,” అన్నాడు నాతో, ఆమె బయటికి పోయాక. అంతలోనే, “అయినా మీరు ఆదివారం జమ్మలమడుగు పోయి ఆ అగ్రిమెంటు నిజమో కాదో చూసి రండి,” అన్నాడు.

పోయాను. నేతగాళ్ళ వీధిలో ప్రతి ఇంటినుంచీ మగ్గం చప్పుడు. ఇల్లు అమ్ముతున్న ముసలాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకునే, పని ఆపకుండా మాట్లాడాడు. బ్యాంకునుంచి వచ్చానంటే నూలు కండె మారుస్తూ ఒకసారి తలెత్తాడు.

“దుడ్లు ఏసేటప్పుడు ఎవురూ ఇల్లు వెతుక్కుంటా రారు. తీసేటప్పుడు ఎంతమంది వస్తారప్పా! నువ్వొచ్చినావు, మొన్న ఆయమ్మ బావొచ్చినాడు.”

“ఆయన వచ్చాడా? ఎందుకు?”

“గడువు పొడిగించొద్దని చెప్పనీకి. ఆ ఇల్లు ఆయనే కొంటాడంట.”

“మీరేమన్నారు?”

“నాకు రెండు చెవులు ఉండాయి. ఒక చెవితో ఇన్నా.” అగ్రిమెంటు కాగితం చూపించాడు. అందులో మేస్త్రీ సంతకం పాతదే, నల్లసిరాలో. “బ్యాంకోళ్ళు ఎన్నాళ్ళు తీసుకుంటారు?” అని అడిగాడు.

“కువైట్ నుంచి రావాలి. చెప్పలేను.”

“గడువు ఒక నెల దాటినా చూస్తాలే. అంతకు మించి నా చేతగాదు. నాకూ మందుల ఖర్చు ఉంది.”

కడప పెద్ద బ్రాంచి నుంచి, రాయబార కార్యాలయం ముద్ర సరైనదేనని కాగితం వచ్చింది. కువైట్ నుంచి కూడా జవాబు వచ్చింది, అదే వంకీ సంతకంతో. ఇల్లు అమ్మే ఆయన ఇచ్చిన నెల అప్పటికి ఇంకా గడవలేదు, కానీ చివరికి వచ్చింది. ఖాతా కార్డు మీద ‘సాధారణ ప్రవాస ఖాతా’ అని ఎర్రసిరాతో రాశాను. పాత నమూనా కార్డుకు అడ్డగీత గీసి కొత్తది పెట్టాను. భార్య అధికారపత్రాన్ని రిజిస్టరులో నమోదు చేసి, ఆమె నమూనా సంతకం తీసుకున్నాం. ఆమె తన పేరు పెట్టడానికి చాలా సేపు పట్టింది. వేలిముద్ర వేయమంటే వద్దంది.

అన్న మళ్ళీ వచ్చినప్పుడు మేనేజరు నేరుగా చెప్పాడు. “ఈ ఫారాలు చెల్లవండీ. మీ తమ్ముడు విదేశంలో ఉన్నాడు. చట్టం ప్రకారం ఖాతా మారింది, సంతకం మారింది. మేము చేసేదేమీ లేదు.”

“ఆదివారం వచ్చినాడంటే...” అని మొదలుపెట్టి ఆపేశాడు అన్న. “చట్టమా?” అన్నాడు.

“చట్టమే.”

ఆయన తువ్వాలు విప్పి పాసుపుస్తకం బల్లమీద పెట్టాడు. “ఇదీ తీసుకోండి. వాడు పోయేటప్పుడు బొంబాయి ఏజెంటుకు కట్టింది నేను. నా తోట కాపు అమ్మి కట్టినా. దానికి ఏ చట్టం ఉంది సారూ? వాడు సంతకం మార్చుకున్నాడు. నేను కట్టిన దుడ్లు ఏ సంతకంతో అడగల్ల?”

ఆ మాట నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన అంతవరకూ తీసుకున్నది ఏజెంటుకు కట్టినదానికి తక్కువో ఎక్కువో లెక్క కట్టడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. మేస్త్రీని అడిగితే అతనొకటి చెప్పేవాడు. అతని భార్యను అడిగితే మరొకటి చెప్పేది. హోటళ్ళలో రెండు రకాల కథలు పుట్టింది అందుకే. వెళ్ళేటప్పుడు ఆయన నన్ను దాటి పోతూ ఆగాడు.

“గీకినావు కదా అప్పా. బంగారమా, ఇత్తడా?”

ఆ తర్వాత ఆయన మా బ్రాంచికి రాలేదు. తన పేర ఉన్న డిపాజిటు తీసుకుని ఎదురువీధిలోని బ్యాంకుకు పోయాడు. మేనేజరు దానికి నన్ను ఎన్నాళ్ళో దెప్పాడు.

ఖాతాలో మిగిలిన సొమ్ము ఆ ఇంటి మొత్తానికి చాలలేదు. ముసలాయన ముందుగది అమ్మి, వెనకగది తానే ఉంచుకున్నాడు. మధ్యలో గోడ పెట్టుకున్నారు. ఆ గోడ కట్టడానికి వచ్చిన మేస్త్రీని ఆమె కూలి తక్కువ చేయమని సతాయించిందట. “మా ఆయన కువైట్‌లో ఇంతకంటే మంచి గోడలు కడతాండాడు” అని. ఆ తర్వాత ఆమె బ్యాంకుకు వచ్చినప్పుడల్లా సంతకం తొందరగా పెట్టేది. కానీ నేను నమూనాతో పోల్చి చూసేంతవరకూ కౌంటరు వదిలేది కాదు. మమ్మల్ని ఆమె చివరిదాకా పూర్తిగా నమ్మలేదు. మేమూ ఆమెను నమ్మినట్టు నటించలేదు. పని మాత్రం సరిగ్గా జరిగింది.

ఇది జరగడానికీ, రాయడానికీ సాయపడినవాళ్ళకు పేర్లు పెట్టి కృతజ్ఞత చెప్పుకోవాలని ఉంది. కానీ పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఇల్లు తెలుస్తుంది. కనుక వాళ్ళు చేసిన పనినే వాళ్ళ పేరుగా పెట్టుకుంటున్నాను. ముద్ర సరైనదని కాగితం పంపిన కడప బ్రాంచి అధికారికి. అది ఆలస్యం చేసి ఉంటే గది పోయేది. కువైట్‌లోని కార్మికుల కొట్టంలో ఆ ఉత్తరం టైపు చేసి, అయిదు టిక్కులూ ఒక అడ్డగీతా నిజాయితీగా పెట్టిన మలయాళీ గుమాస్తాకు. ఆయన సంగతి తర్వాత మేస్త్రీ భార్య చెప్పింది; ఆయన్ను నేను చూడలేదు, మొదట్లో దొంగ అనుకున్నాను. నన్ను అనుమానించి కూడా నాతోనే పని చేయించుకున్న మా మేనేజరుకు. ఈ సంగతి రాసుకోమని, అయితే తన బావను చెడ్డగా రాయొద్దని షరతు పెట్టిన ఆ ఇల్లాలికి. ఒక చెవితో మాత్రమే విని, గడువు దాటినా ఆగిన నేతగాడికి.

అన్నకు కృతజ్ఞత చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఆయన చెప్పిన ఏజెంటు బాకీ నిజమైతే ఈ పేజీలో ఆయన పేరు అందరికంటే ముందుండాలి. కాకపోతే అసలు ఉండకూడదు. తెలియదు కనుక ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను.